రాజీనామా తర్వాత వెస్ట్ అయిన స్టాక్ ఆప్షన్ల సొమ్ము ఎలా అడగాలి?

నమస్కారమండీ. రాయగడలో మా ఇంటి నుంచే హైదరాబాదులోని ఒక ప్రైవేటు కంపెనీకి పనిచేసి, ఇటీవల రాజీనామా చేశాను. వెస్ట్ అయిన ఆప్షన్లు 400 ఉన్నాయి. ఎక్సర్‌సైజ్ ధర 10 రూపాయలు, ప్రస్తుత విలువ 510 రూపాయలు. చివరి పనిదినం నుంచి 90 రోజుల్లో ఎక్సర్‌సైజ్ చేయకపోతే అవి రద్దవుతాయని గ్రాంట్ లేఖలో ఉంది. నగదుగా ఇవ్వమంటే తదుపరి బైబ్యాక్ వరకు ఆగమంటున్నారు గానీ, గడువు పొడిగిస్తామని రాసి ఇవ్వడం లేదు. నా ఆందోళనంతా అదే. ఎక్సర్‌సైజ్ చేస్తే 4,000 రూపాయలతో పాటు, మిగిలిన తేడా 2,00,000 రూపాయలను జీతంగా లెక్కగట్టి విధించే టీడీఎస్‌నూ, షేర్లు అమ్ముకునే దారి లేకుండానే, చేతి నుంచి కట్టాలి. పథకంలో నగదు చెల్లింపు నిబంధన ఉంటేనే అలా అడిగే హక్కు ఉంటుందని నా అవగాహన. పథకం పూర్తి ప్రతిని, గడువు పొడిగింపును కోరుతూ కంపెనీ సెక్రటరీకి రాయాలా, డైరెక్టర్ల బోర్డుకా? జవాబు రాకపోతే గడువులోపే ఎక్సర్‌సైజ్ నోటీసు ఇవ్వడం మేలా? ఇలాంటి పరిస్థితి ఎదుర్కొన్నవారు దయచేసి చెప్పగలరు.