సెలూన్ టిప్పులు: డబ్బాలో వేసి పంచాలా, ఎవరివి వారికే వదలాలా?

సెలూన్ యజమాని, కాకినాడ: మా దగ్గర ఇద్దరు సీనియర్ స్టైలిస్టులు, ఒక బ్యూటీషియన్, ఒక జూనియర్, ఇద్దరు హెల్పర్లు పనిచేస్తున్నారు. ఇప్పటిదాకా ఎవరికి వచ్చిన టిప్పు వారే ఉంచుకుంటున్నారు. తమకేమీ మిగలడం లేదని హెల్పర్లు అంటున్నారు. అన్నీ ఒక డబ్బాలో వేసి సమానంగా పంచడం న్యాయమేనా?

స్టైలిస్ట్, విజయవాడ: న్యాయం కాదండీ. నన్నే అడిగి, నా కోసం అరగంట కూర్చుని కటింగ్ చేయించుకునే కస్టమర్ నా చేతిలో పెట్టిన వంద రూపాయలు నా పనితనానికి ఇచ్చినవి. హెల్పర్లకు తక్కువ వస్తోందంటే వారి జీతం పెంచవలసింది యజమాని గానీ, నా జేబు కాదు.

సెలూన్ మేనేజర్, హైదరాబాద్: జీతం గురించి విజయవాడ సోదరులు చెప్పింది నిజమే. అయితే కటింగ్‌కు సరిపోయే ఆ లెక్క స్మూతెనింగ్‌కు సరిపోదు. అందులో తలస్నానం చేయించడం, క్రీము పట్టించడం, కడగడం, ఆరబెట్టడం చాలావరకు హెల్పర్ చేతుల మీదుగానే జరుగుతాయి. మూడు నాలుగు గంటల తరువాత కస్టమర్ లేచేసరికి ఎదురుగా కనిపించేది మాత్రం స్టైలిస్టే.

మీ ఆరుగురికీ ఒక నెలలో 24,000 రూపాయలు వచ్చాయనుకుందాం. సీనియర్లకు 10,000, 6,000, బ్యూటీషియన్‌కు 5,000, జూనియర్‌కు 3,000. సమానంగా పంచితే తలా 4,000 వస్తుంది, మొదటి సీనియర్ 6,000 పోగొట్టుకుంటారు. అలా పోగొట్టుకున్నవారు రెండో నెల నుంచి నోటును డబ్బాలో వేయరు. ఫోన్ ద్వారా వచ్చే టిప్పులు ఎప్పటిలాగే ఉండి నగదు మాత్రం ఒక్కసారిగా పడిపోయిందంటే, కస్టమర్లు ఇవ్వడం మానేశారని కాదు, డబ్బా మీద నమ్మకం పోయిందని అర్థం.

అందుకే మేము పని చేసినవారికి 75 శాతం వదిలి, 25 శాతమే హెల్పర్ల వాటాగా తీస్తాము. పై లెక్కలో ఆ వాటా 6,000. ఒక హెల్పర్ 26 రోజులు, మరొకరు 24 రోజులు వస్తే రోజుకు 120 చొప్పున 3,120, 2,880 అందుతాయి. మొదటి సీనియర్‌కు 7,500 మిగులుతుంది. ఈ శాతాలను, పంచే తేదీని ఒక కాగితం మీద రాసి అందరి చేత సంతకం చేయించి, కౌంటర్ వెనుక అంటించాము.

బర్మింగ్‌హామ్ నుంచి ఒక పాఠకురాలు: ఇక్కడ 2024 అక్టోబరు 1 నుంచి దీనికి చట్టమే ఉంది. టిప్పులన్నీ సిబ్బందికి సమానంగా పంచి తీరాలి. యజమాని ఒక్క పైసా తీసుకోకూడదు.

జీతాల లెక్కలు చూసే ఉద్యోగి, లీడ్స్: రెండో మాట సరైనదే, పన్ను వంటి తప్పనిసరి కోతలు తప్ప యజమాని ఏమీ మినహాయించకూడదు. మొదటిది మాత్రం అలా లేదండీ. ఆ చట్టం అడిగేది న్యాయమైన పంపకం, సమానమైన పంపకం కాదు. పనిని, గంటలను, కస్టమర్ ఉద్దేశాన్ని బట్టి తేడా చూపవచ్చు. టిప్పులు తరచుగా వచ్చే చోట రాతపూర్వక విధానం ఉండాలి, డబ్బు మరుసటి నెలాఖరులోగా చేరాలి, లెక్కలు మూడేళ్లు దాచాలి. యజమాని ప్రమేయం లేకుండా నేరుగా చేతికి వచ్చి అక్కడే ఉండిపోయే నగదు దీని కిందకు రాదు. కుర్చీ అద్దెకు తీసుకుని సొంతంగా పనిచేసేవారూ రారు, ఇక్కడి సెలూన్లలో అలాంటివారు ఎక్కువే.

హోటల్ క్యాషియర్, గుంటూరు: ఇదంతా ఎందుకు, బిల్లులోనే పది శాతం సర్వీస్ ఛార్జి వేసేస్తే సరిపోతుంది కదా?

సెలూన్ మేనేజర్, హైదరాబాద్: అది వేరే సంగతి, ఇక్కడ అడిగినది కస్టమర్ ఇష్టపడి ఇచ్చిన డబ్బు గురించి. కాకినాడ వారికి మరొక్క మాట: టిప్పు వస్తోంది కదా అని జీతం తగ్గించకండి. కస్టమర్ ఇచ్చి యాజమాన్యం ద్వారా ఉద్యోగికి చేరే టిప్పు జీతం కిందకు రాదని, దానిపై యజమాని టీడీఎస్ కోయనవసరం లేదని 2016లో ఐటీసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

హెల్పర్, వరంగల్: మా దుకాణంలోనూ కాగితం అంటించి ఉన్నది. అయితే గిరాకీ స్కాన్ చేసి ఇచ్చే టిప్పు సేఠ్ ఖాతాలోకి పోతుంది. అందులో బిల్లు ఎంత, టిప్పు ఎంత అన్నది మాకు ఎవరూ చూపించరు. 25 శాతం అని రాసి ఉన్నా, దేనిలో 25 శాతమో తెలియనప్పుడు ఆ కాగితం మాకు ఏ విధంగా పనికివస్తుంది?

సెలూన్ యజమాని, కాకినాడ: ఇది నేను ఆలోచించని విషయం. టిప్పుల కోసం విడిగా ఒక క్యూఆర్ కోడ్ పెట్టించి, ఏ రోజు మొత్తాన్ని ఆ రాత్రే పుస్తకంలో రాయించి అందరికీ చూపిస్తాను. 75-25కు బ్యూటీషియన్, జూనియర్ ఒప్పుకున్నారు. సీనియర్లు మాత్రం ఫోన్ ద్వారా వచ్చినదానికే ఒప్పుకుంటామని, చేతికి వచ్చిన నోటు జోలికి రావద్దని అంటున్నారు. ఆదివారాలు నేను కూడా కటింగ్ చేస్తాను. నాకు వచ్చే టిప్పును ఏమి చేయాలి?

స్టైలిస్ట్, విజయవాడ: మీరు చేసిన పనికి వచ్చినది మీదే.

సెలూన్ మేనేజర్, హైదరాబాద్: నేను ఒప్పుకోను. లాభం ఎలాగూ మీకే చేరుతుంది కనుక, మీ టిప్పు మొత్తం హెల్పర్ల వాటాలో వేయండి. అప్పుడు నోట్ల సంగతి సీనియర్లతో మాట్లాడడానికి మీకు నోరు ఉంటుంది.