పుట్టుకతో చూపు లేనివారికి కలలో బొమ్మలు కనిపిస్తాయా?

వెన్నెల: పుట్టినప్పటి నుంచీ చూపు లేనివాళ్లకి కలలో ఏమైనా కనిపిస్తుందా? కనిపించకపోతే మరి కలలో ఏముంటుంది?

రఘురామ్: కనిపిస్తుంది. 2003లో లిస్బన్ పరిశోధకులు పుట్టు అంధులను కలలో ఉన్నవి గీయమన్నారు. చూపున్నవాళ్లు గీసినవాటికీ వీటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా బొమ్మలు ఊహించుకునేటప్పుడు తగ్గే ఆల్ఫా అనే మెదడు తరంగాలు వీళ్లకి నిద్రలో తగ్గాయి. ఇంకేం కావాలి?

అనసూయ: గీసినంత మాత్రాన చూసినట్టు కాదండీ. కుర్చీని తడిమి చూసినవాళ్లకి నాలుగు కాళ్లు ఎక్కడున్నాయో, వీపు ఆనే పలక ఎంత ఎత్తుందో తెలుసు. ఆ కొలతలతో కాగితం మీద గీతలు పెట్టొచ్చు. 2004లో మనస్తత్వ పరిశోధకులు నాన్సీ కెర్, విలియం డామ్‌హాఫ్ ఆ పరిశోధనను ఇలాగే విమర్శించారు. ఆల్ఫా కూడా గట్టి సాక్ష్యం కాదు. పుట్టు అంధుల్లో చూపుకి సంబంధించిన మెదడు వెనక భాగం బ్రెయిలీ చదివేటప్పుడు కూడా పనిచేస్తుంది.

సలీం: నాకు పదకొండో ఏట చూపు పోయింది. ఇప్పటికీ కలలో రంగులొస్తాయి. ఆ తర్వాత పరిచయమైనవాళ్లు మాత్రం గొంతుతోనే వస్తారు, మొహం ఉండదు. కాబట్టి అందరికీ ఎంతో కొంత కనిపిస్తుందనే నేనంటాను.

అనసూయ: సలీం గారూ, మీరు చూసి పోగొట్టుకున్నారు. ఐదేళ్లలోపు చూపు పోతే కలలో దృశ్యాలు సాధారణంగా ఉండవు, ఏడు దాటాక పోతే చాలామందికి మిగులుతాయి. మనస్తత్వవేత్త జాస్ట్రో 1888లోనే ఈ సంగతి రాశాడు.

రఘురామ్: మళ్లీ అదే పాట! గీసిన కాగితం కళ్ల ముందుంటే కాదంటారేమిటి?

జ్యోతి: నేను పుట్టు అంధురాలిని. ఒకాయన నా కలల గురించి అడగడానికొచ్చి, "వెలుగుందా, చీకటిగా ఉందా" అని వదలకుండా పీడించాడు. ఏమున్నాయో మాత్రం అడగలేదు. మొన్నటి కలలో మెట్లు దిగుతున్నాను. చేతికింద రెయిలింగ్ చల్లగా ఉంది. దిగేకొద్దీ అడుగుల చప్పుడు దూరం నుంచి తిరిగొస్తోంది, కింద పెద్ద హాలుందని అర్థమైంది. తడి సున్నం వాసన. ఆఖరి మెట్టు లేదు, కాలు గాల్లోకి పోయింది. గీయమంటే ఇదంతా గీసిస్తాను. అందులో చూసింది ఏమీ లేదు.

అనసూయ: 1999లో 15 మంది అంధుల 372 కలలు విశ్లేషించినప్పుడు కూడా, పుట్టు అంధుల కలల్లో వాసన, రుచి, స్పర్శ ఎక్కువగా కనబడ్డాయి. నడకలో, ప్రయాణంలో ఎదురయ్యే చిక్కులూ ఎక్కువే. మెలకువలో పోగుచేసుకున్నదే కలకి ముడిసరుకు.

రఘురామ్: హాలు ఎంత పెద్దదో, మెట్లు ఎటు తిరిగాయో ఆవిడ మనసులో ఉన్నాయిగా? దృశ్యమంటే నా ఉద్దేశం అదే. ఆ అమరిక కట్టే శక్తి పుట్టుకతోనే ఉంటుంది, కళ్లు దానికి రంగులద్దుతాయి.

అనసూయ: ఇన్ని పోస్టుల తర్వాత అసలు మాట ఇప్పుడన్నారు! చోటు తెలియడాన్ని మీరు చూపులో కలిపేస్తున్నారు. ఆ శక్తి పుట్టుకతో వచ్చిందే అయినా, చేతులూ చెవులూ నేర్పకుండా అందులో మెట్లు ఎక్కడినుంచి వస్తాయి?

రఘురామ్: నేర్పాలంటే ముందు నేర్చుకునే చోటు ఉండాలిగా. నేను ఒప్పుకోను.