అప్‌డేట్: రాజ్యాంగ 24వ సవరణ వ్యాసంలోని ఆ పొడవాటి వాక్యం విడిపోయింది

నా ప్రశ్న: "ఈ వాక్యంలో ఏ కారణం ఏ ఫలితానికి చెందుతుంది? 'అధికరణం 13(2)లోని చట్టంలో రాజ్యాంగ సవరణ కూడా వస్తుందని గోలక్‌నాథ్ తీర్పు చెప్పినందువల్ల, 13(4)ను చేర్చి ఆ అడ్డు తొలగించిన పార్లమెంటుకు, కేశవానంద భారతి తీర్పు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చినప్పటికీ, మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం లేదు.'"

దానికి మీరిచ్చిన సలహా ప్రకారమే చివరి క్రియ 'లేదు'ను పక్కన పెట్టి, మిగతా ప్రతి అసమాపక క్రియకూ ఒక కర్త, ఒక సంవత్సరం ఇచ్చాను. ఇలా వచ్చింది:

1967లో సుప్రీంకోర్టు గోలక్‌నాథ్ తీర్పు సవరణలను కూడా, ప్రాథమిక హక్కులను హరించే చట్టం చేయకూడదనే 13(2) పరిధిలోకి తెచ్చింది. అందువల్ల 1971లో పార్లమెంటు 24వ సవరణతో, రాజ్యాంగ సవరణలకు అధికరణం 13 వర్తించదనే 13(4)ను చేర్చింది. 1973లో కేశవానంద తీర్పు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చి, 24వ సవరణను సమర్థించింది. అయినా రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం, సవరణ అధికారాన్నిచ్చే అధికరణం 368 కింద పార్లమెంటుకు లేదంది.

చిక్కంతా 'చెప్పినందువల్ల' దగ్గరే. అది వాక్యం మొదట్లో ఉండటంతో చివరి 'లేదు'కు కారణంలా కనిపిస్తుంది. నిజానికి దాని ఫలితం 'చేర్చి' దగ్గరే ముగుస్తుంది. 'తొలగించిన' అనే విశేషణం కూడా తక్కువది కాదు, ఒక పూర్తి రాజ్యాంగ సవరణను పార్లమెంటుకు తగిలించిన బిరుదులా దాచేసింది.

విడదీశాక ఇంకొకటి బయటపడింది: నాలుగో వాక్యానికి కారణమే లేదు. 'అయినా' వ్యతిరేకతను చూపుతుంది గానీ ఎందుకో చెప్పదు. అందుకే ముందు ఒక వాక్యం కలిపి, అక్కడ చేర్చింది నేనని తెలిసేలా చదరపు బ్రాకెట్లలో పెట్టాను: [సవరించాక కూడా పాత రాజ్యాంగం తన గుర్తింపు కోల్పోకుండా నిలవాలి.] వ్యాసకర్త దీన్ని తర్వాతి పేరాలో చెప్పారు, కాబట్టి సారాంశంలో అక్కడినుంచే ముందుకు జరిపాను.