కొటేషన్లను పేరాలో కలిపితే అర్థం మారిపోతుందా?

రెండో డ్రాఫ్ట్: నా వ్యాసంలో కొటేషన్లు ఒకదాని కింద ఒకటి పేర్చినట్టున్నాయని, పేరాలో కలపమని గైడ్ తిప్పి పంపారు. ఎలా కలపాలి? అసలు కలపాలా? పేరా ఇది:

తెర మీద చదవడం గురించి చాలామంది రాశారు.
మొదటి రచయిత: "తెర మీద చదివేవాళ్లు చాలాసార్లు తక్కువ గుర్తుంచుకుంటారు" (12).
రెండో రచయిత: "దీనికి కారణం తెర కాదు, మధ్యలో వచ్చే నోటిఫికేషన్లు" (45).

పాత ఎడిటర్: ఈ ఇద్దరికీ మధ్య ఒక పేచీ ఉంది. అదేమిటో మీరు చెప్పలేదు, పాఠకుడే వెతుక్కోవాలి. ముందు కొటేషన్లను పక్కన పెట్టి, తేడా ఎక్కడుందో మీ మాటల్లో ఒక్క వాక్యం రాయండి. దానికి ఏ ముక్క అవసరమో అంతవరకే తెచ్చుకోండి. నేనైతే ఇలా రాస్తాను:

"తెర మీద చదివితే 'తక్కువ గుర్తుంచుకుంటారు' అని మొదటి రచయిత అంటే (12), రెండో రచయిత ఆ మరుపును కాదనరు. నింద మాత్రం తెర మీంచి తీసి 'మధ్యలో వచ్చే నోటిఫికేషన్ల' మీద వేస్తారు (45). కాబట్టి తేడా మరుపు ఉందా లేదా అన్న దగ్గర కాదు, దాని కారణం దగ్గర."

చివరి వాక్యం మీది. దాని కోసమే ముందు రెండూ ఉన్నాయి.

మార్జిన్ గీత: మూలంలో "నోటిఫికేషన్లు" అని ఉంది. మీరు కోట్స్ లోపల "నోటిఫికేషన్ల" అని రాశారు. ఒక్క అక్షరం మార్చినా అది కొటేషన్ కాదు. అందుకే విడిగా పెట్టడమే నిజాయితీ.

వేసవి: పేజీ నంబరు చుక్కకి ముందా, తర్వాతా? నాకు ఎప్పుడూ ఇదే టెన్షన్.

పాత ఎడిటర్: వేసవి గారూ, ఏపీఏ పద్ధతిలో అయితే వాక్యంలో కలిసినప్పుడు చుక్కకి ముందు, విడి బ్లాక్ అయితే చుక్క తర్వాత.

మార్జిన్ గీత గారూ, మీరు పట్టుకున్నది సరైనదే. తెలుగులో విభక్తి తగలగానే మాట చివర మారిపోతుంది, అందుకే ఈ తప్పు తరచూ జరుగుతుంది. కొటేషన్‌ని ముట్టుకోకుండా, దాని తర్వాత "అనే" పెట్టి ఇంకో మాట తెచ్చి, విభక్తిని దానికి తగిలిస్తే సరిపోతుంది: 'మధ్యలో వచ్చే నోటిఫికేషన్లు' అనే కారణం మీద. అక్షరం మారదు, వాక్యం తెగదు.

మార్జిన్ గీత: మరి "చాలాసార్లు" ఎక్కడికి పోయింది? ఆయన ఆచితూచి అన్న మాటని మీరు తీర్పుగా మార్చేశారు. కలపడమంటే జరిగేది ఇదే.

పాత ఎడిటర్: అది నా తప్పే. ఆ మాట లోపల ఉండాల్సిందే. కానీ సొంత మాట ఒక్కటీ లేకుండా పేర్చుకుంటూ పోతే అది ఏ నిజాయితీ? కొటేషన్ల వెనక దాక్కోవడం.

మార్జిన్ గీత: దాక్కోవడమా? నా థీసిస్‌లో ఒకరి వాదనని సొంత మాటల్లో చెప్పి పేజీ నంబరు కూడా ఇచ్చాను. మధ్యలో వాళ్ల ఐదారు మాటలు కోట్స్ లేకుండా ఉండిపోయాయి. కాపీ అన్నారు. ఆరు నెలలు పోయాయి. అప్పటినుంచి ఎవరి మాట వాళ్లదిగా గీత గీసి చూపిస్తున్నాను.

సిరాచుక్క: అన్నా, అక్కడ తప్పు కలపడం కాదు కదా, కోట్స్ మర్చిపోవడం.

పాత ఎడిటర్: ఆ మాట అన్నందుకు క్షమించండి. అయితే మీ భయం ఎవరి మాట ఎక్కడ ఆగిందో తెలియకుండా పోతుందని. అది నిజమైన భయమే. తెలుగులో "అని అంటారు" చివర వస్తుంది, అంతదాకా మాట్లాడుతున్నది ఎవరో తెలియదు. నా నమూనాలో కూడా మొదటి రచయిత ఆలస్యంగా వచ్చారు. ఎవరి మాటో ముందే చెప్పాలి. పేజీ నంబరు దగ్గర వాళ్ల మాట ఆగిపోవాలి. తర్వాతి వాక్యం "కాబట్టి" లాంటి మాటతో మొదలైతే అది మీదని తెలుస్తుంది.

మార్జిన్ గీత: హద్దు అంత స్పష్టంగా ఉంటే ఒప్పుకుంటాను. కానీ ఒకరు వాడిన భాషనే పరిశీలిస్తున్నప్పుడు ముక్కలు చెయ్యను.

పాత ఎడిటర్: చెయ్యకండి. 40 పదాలు, అంతకు మించితే ఏపీఏ కూడా విడిగానే పెట్టమంటుంది. కాకపోతే బ్లాక్ అయ్యాక, అందులో ఏ మాటతో మీకు పనో చెప్పాలి.

మార్జిన్ గీత: చదివేవాడికి అదీ నేనే చెప్పాలా? ఇది మాత్రం ఒప్పుకోను.

రెండో డ్రాఫ్ట్: మళ్లీ రాశాను:

"మొదటి రచయిత ప్రకారం తెర మీద చదివేవాళ్లు 'చాలాసార్లు తక్కువ గుర్తుంచుకుంటారు' (12). రెండో రచయిత ఆ మరుపును కాదనరు, కానీ 'మధ్యలో వచ్చే నోటిఫికేషన్లు' అనే కారణాన్ని చూపిస్తారు (45). కాబట్టి నోటిఫికేషన్లు ఆపి చదివించినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి."

ఆ చివరి వాక్యం రాశాక తెలిసింది, అలా చదివించి చూసిన మూలం నా దగ్గర ఒక్కటీ లేదు. రేపు లైబ్రరీలో వెతకాలి.