అప్‌డేట్: ఆ ఫోటో సాగదీసిందే

నా అసలు ప్రశ్న: "6000×4000 ఫోటో ఒకటి వచ్చింది. చూడటానికి షార్ప్‌గానే ఉంది, కానీ అనుమానంగా ఉంది. నిజమైనదా, అప్‌స్కేల్ చేసిందా?"

మీరు చెప్పినట్టే ఆకులున్న చోట 1024×1024 ముక్క కత్తిరించి, గ్రేస్కేల్ చేసి ఎఫ్‌ఎఫ్‌టీ తీశాను, అంటే ఫోటోలో వివరాలు ఎంత సన్నగా ఉన్నాయో చూపే పటం: మధ్యలో పెద్ద ఆకారాలు, అంచుల వైపు సన్నని వివరాలు. మొదటిసారి మధ్యలో పెద్ద ప్లస్ గుర్తు వచ్చి టెన్షన్ పడ్డాను. అది ముక్క అంచుల వల్ల వచ్చిందట. ముక్క అంచులను మెల్లగా సున్నాకి తగ్గించే హాన్ విండో వేస్తే పోయింది.

లాగ్ స్కేల్‌లో చూస్తే, మధ్య నుంచి సుమారు 256 పిక్సెళ్ల దాకా వెలుగు, అక్కడ గీత గీసినట్టు ఆగిపోయి 512 దాకా చీకటి. అంటే సమాచారం సగం దాకానే ఉంది. అసలు ఫోటో 3000×2000 అన్నమాట.

ఫోకస్ తప్పినా ఇలాగే వస్తుందేమోనని నా కెమెరాలో కావాలనే మసకగా ఒకటి తీసి, రా ఫైల్ నుంచి చూశాను. అందులో వెలుగు మెల్లగా తగ్గింది, కానీ సెన్సర్ నాయిస్ మూలల దాకా సన్నగా పరుచుకుని ఉంది. సాగదీసిన దాంట్లో ఆ నాయిస్ కూడా లేదు!

అయితే పెద్దది చేశాక గ్రెయిన్, అంటే కృత్రిమ నాయిస్, కలిపితే ఈ పరీక్ష బోల్తా పడుతుంది. నేనే కలిపి చూశాను, గీత మాయమైంది.