మొత్తం షాట్లు నావే తక్కువ, మ్యాచ్ మాత్రం వాడిదట!

నానక్‌రామ్‌గూడ నాని: ఆదివారం మా ఫ్రెండ్‌తో మ్యాచ్ ప్లే ఆడాను. 16వ హోల్ కాగానే 3 అండ్ 2తో ఓడిపోయావన్నాడు. కార్డు కూడితే అప్పటికి నాకే 2 షాట్లు తక్కువ. గోల్ఫ్‌లో తక్కువ కొట్టినవాడే కదా గెలిచేది? బిర్యానీ బిల్లు ఎవరు కట్టాలి?

గోల్కొండ గురువు: మీరే కట్టాలి. షాట్లన్నీ కూడేది స్ట్రోక్ ప్లేలో. అక్కడ ఒక్క చెత్త హోల్ మొత్తం కార్డుని ముంచుతుంది. మ్యాచ్ ప్లేలో ఏ హోల్‌కి ఆ హోలే విడి పోటీ, ఒక షాట్‌తో గెలిచినా ఆరుతో గెలిచినా వచ్చేది ఒక హోలే. ఆయన 3 హోల్స్ ముందున్నారు, మిగిలినవి 2. ఆ రెండూ మీరు గెలిచినా అందుకోలేరు కాబట్టి ఆట అక్కడే అయిపోయింది. హోల్స్ వారీగా ఎలా ఉందో చెప్పండి.

నానక్‌రామ్‌గూడ నాని: నేను గెలిచినవి 3, వాడు 6, మిగతా 7 సమానం. 5వ హోల్ పార్ 5. నాకు సరిగ్గా 5తో పార్ వచ్చింది, వాడు రెండుసార్లు నీళ్లలో కొట్టి 11 చేశాడు. మిగతా గెలుపోటములన్నీ ఒక్క షాట్ తేడాతోనే.

గోల్కొండ గురువు: ఇంకేం, లెక్క తేలిపోయింది. 5వ హోల్‌లో మీకు 6 షాట్లు కలిసొచ్చాయి, మిగతా రెండు గెలుపుల్లో ఇంకో 2. మొత్తం 8. ఆయన 6 హోల్స్ ఒక్కో షాట్‌తో గెలిచారు కాబట్టి ఆయనకి 6. మీ 2 షాట్ల ఆధిక్యం అదే. నిజానికి ఆయన ఆ 11 దాకా ఆడనక్కర్లేదు. రెండో బంతి నీళ్లలో పడగానే హోల్ మీకిచ్చేసి నడిచి వెళ్లిపోవచ్చు. అప్పుడు కూడటానికి స్కోరే ఉండదు.

బర్డీ వీరుడు: బర్డీ ఎవరికొచ్చిందో అడగరేంటి? బర్డీకి ఎక్కువ, బోగీకి తక్కువ ఇవ్వాలి. మా గ్రూపులో అలాగే లెక్కేస్తాం.

గోల్కొండ గురువు: మీరు ఆడేది స్టేబుల్‌ఫర్డ్ అయ్యుంటుంది. అందులో పార్ కంటే ఒక షాట్ ఎక్కువైన బోగీకి 1, పార్‌కి 2, ఒక షాట్ తక్కువైన బర్డీకి 3 పాయింట్లు. మ్యాచ్ ప్లేలో పార్‌తో పోటీ లేదు, ఎదుటివాడితోనే. పార్ 4 అంటే రెండు షాట్లలో కప్పు ఉన్న గ్రీన్ మీదికి, తర్వాత బంతిని కప్పులోకి దొర్లించే రెండు పట్లు అని వేసుకున్న అంచనా. ఇద్దరూ 3 కొట్టి బర్డీలు చేస్తే ఎవరికీ ఏమీ రాదు. మీరు 6, ఆయన 5 కొడితే బోగీతోనే ఆయన హోల్ గెలుస్తారు.

బర్డీ వీరుడు: అలాగైతే బర్డీ చేసి ఏం లాభం?

కొండాపూర్ లక్ష్మి: లెక్కలు పక్కన పెట్టండి. ఒక టోర్నమెంట్‌లో అడుగు దూరం పట్ ఉంటే పక్కనున్నాయన "ఓకే, ఇచ్చేశాం" అన్నాడు. బంతి తీసేశాను. అది స్ట్రోక్ ప్లే! తర్వాతి హోల్ మొదలుపెట్టేశాక డిస్‌క్వాలిఫై అన్నారు. ఓకే అన్నాయన మాత్రం కప్పు పట్టుకెళ్లాడు.

గోల్కొండ గురువు: అన్యాయంగా అనిపిస్తుంది గానీ రూల్ అదే. స్ట్రోక్ ప్లేలో బంతి కప్పులో పడాల్సిందే. తర్వాతి టీ షాట్ కొట్టేలోపు వెనక్కొచ్చి బంతి పెట్టి పూర్తి చేసుంటే, పెనాల్టీ ఒక షాట్‌తో పోయేది. పట్ వదిలేయడం, అంటే ఎదుటివాడు కొట్టకుండానే పడ్డట్టు ఒప్పుకోవడం, మ్యాచ్ ప్లేలోనే చెల్లుతుంది. అన్నట్టు నాని గారూ, మీ కార్డులో వదిలేసిన పట్లు కూడా పడ్డట్టే రాసుంటారు. ఆ 2 షాట్ల ఆధిక్యాన్ని కూడా అంతగా నమ్మక్కర్లేదు.

నానక్‌రామ్‌గూడ నాని: అసలు మంట అక్కడే! 16లో వాడికి 4, నాకు 4 కోసం రెండడుగుల పట్. వాడికి అంతకంటే పెద్దవి ఎన్ని వదిలేశాను! వాడు మాత్రం నోరు విప్పకుండా జెండా పట్టుకుని నిల్చున్నాడు. పట్ పోయింది. ఇచ్చుంటే ఇంకా రెండు హోల్స్ ఉండేవి.

గోల్కొండ గురువు: అంటే మీ గొడవ కార్డుతో కాదన్నమాట. ఇవ్వడం పూర్తిగా ఎదుటివారి ఇష్టం. 2015లో మహిళల మ్యాచ్ ప్లే పోటీ సోల్హైమ్ కప్‌లో అమెరికా క్రీడాకారిణి అలిసన్ లీ, తన చిన్న పట్ వదిలేశారనుకుని బంతి తీసేసింది. వదల్లేదని తేలింది, హోల్ పోయింది.

కొండాపూర్ లక్ష్మి: రూల్ ఒప్పే. మరి అలా చేసినవాళ్లతో మళ్లీ ఆడతారా?

షేక్‌పేట చందు: ఆ ఫ్రెండ్‌ని నేనే. ఒరేయ్ నానీ, 7లో నా చేత మూడడుగుల పట్ కొట్టించావు, మిస్సయితే హోల్ నీదన్నావు. అప్పుడు రూల్ రూలే అన్నావు కదా? నువ్వు వదిలేసినవన్నీ నేను ఎలాగూ గెలిచేసిన హోల్స్‌లోవే.

నానక్‌రామ్‌గూడ నాని: 7 వేరురా, అక్కడ వాలు ఉంది.

షేక్‌పేట చందు: 16లోనూ ఉంది.

బర్డీ వీరుడు: ఇంతకీ బర్డీ ఎవరిదో చెప్పలేదు.