పక్క మనిషి భుజం పోవాలి, మావాడి మోచేయి ఉండాలి: క్రాపా, కట్టా, ఎరేజరా?

చిన్నగీత
మేం ఐదుగురం దిగిన ఫోటోలో కుడి అంచున ఎవరో తెలియని మనిషి భుజం పడింది. దాన్ని సెలెక్ట్ చేసి కట్ కొడితే తెల్లటి ఖాళీ వచ్చింది. ఎరేజర్‌తో రుద్దినా అదే తెలుపు. క్రాప్ చేద్దామంటే మావాడి మోచేయి కూడా పోతోంది. మూడూ తీసేసేవే కదా, అసలు తేడా ఏంటి? ఎప్పుడు ఏది వాడాలి? నా దగ్గరున్న ఫోటో ఎడిటర్ GIMP 2.10.

గుండుసూది
క్రాప్ చేసెయ్యండి, మోచేయి కొంచెం పోతే ఎవరు చూస్తారు? కట్, ఎరేజర్ రెండూ ఒకటే. ఎరేజర్ అంటే తెల్ల రంగు పూసే బ్రష్, అంతే. కట్ అదే పనిని ఒక్క దెబ్బకి చేస్తుంది. పెయింట్‌లో చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే కదా.

పాతస్టూడియో
గుండుసూది గారి మాటలో సగం నిజం ఉంది. ఆ తెలుపు వచ్చిందే అందుకు. కానీ ఎరేజర్ తెలుపే పూయాలని రూలేమీ లేదు. టూల్‌బాక్స్‌లో ఒకదాని వెనక ఒకటి రెండు రంగుల చతురస్రాలు ఉంటాయి చూడండి. వెనకదాన్ని ఎరుపుగా మార్చి మళ్లీ రుద్దితే ఈసారి ఎరుపు వస్తుంది. కట్ కొట్టినా అంతే. ఫోటో తెరవగానే అది ఉన్న పొరకి, అంటే లేయర్‌కి, పారదర్శకత ఉండదు, అందుకని తీసేసిన చోటును GIMP ఆ వెనక రంగుతో నింపుతుంది. లేయర్ల ప్యానెల్‌లో పేరు మందపు అక్షరాల్లో ఉంటే అలాంటి లేయరే అని గుర్తు. `Layer > Transparency > Add Alpha Channel` నొక్కి మళ్లీ రుద్దండి. తెలుపు బదులు బూడిద రంగు గళ్లు కనిపిస్తాయి. గళ్లంటే అక్కడ నిజంగా ఏమీ లేదని. కింద ఇంకో లేయర్ ఉంటే గళ్లకు బదులు అదే కనిపిస్తుంది.

నన్నడిగితే తేడా తీసేయడంలో లేదు, తీసేశాక ఆ చోట ఏం మిగులుతుందన్న దాంట్లో ఉంది. క్రాప్ చేస్తే చోటే మిగలదు. ఫోటో చట్రమే చిన్నదవుతుంది, 4000 పిక్సెళ్ల వెడల్పు 3500 కావచ్చు. కట్, ఎరేజర్ వాడితే చట్రం అలాగే ఉండి మధ్యలో కన్నం పడుతుంది. కట్ అయితే సెలెక్ట్ చేసిన ముక్క మొత్తం ఒకేసారి లేచి క్లిప్‌బోర్డులోకి వెళ్తుంది, దాన్ని ఇంకోచోట అతికించుకోవచ్చు. ఎరేజర్‌తో రుద్దింది ఎక్కడికీ వెళ్లదు. దానికి బదులు అంచు మెత్తగా, సగం సగం కూడా చెరపవచ్చు, ఆ పని కట్‌తో అంత సులువు కాదు.

వానచినుకు
కట్ ఎందుకూ పనికిరాదని అనుకునేవాళ్లకి నా సంగతి చెప్తాను. ఇంట్లో పాత ఫోటోలు స్కానర్ మీద నాలుగేసి పరిచి స్కాన్ చేశాను. ఒక్కోదాన్ని క్రాప్ చేస్తే మిగతా మూడూ పోతాయి, ప్రతిసారీ అన్‌డూ కొట్టుకోవాలి. అందుకని ఒక ఫోటో చుట్టూ సెలెక్ట్ చేసి `Ctrl+X`, తర్వాత `Ctrl+Shift+V`. అది కొత్త ఇమేజ్‌గా విడిగా తెరుచుకుంటుంది, సేవ్ చేసేస్తాను. కాపీ చేసినా పని జరుగుతుంది. కానీ కట్ చేస్తే తీసినచోట ఖాళీ కనబడుతుంది, ఏవి అయ్యాయో ఏవి మిగిలాయో వెతుక్కోనక్కర్లేదు. రెండొందల ఫోటోలు చేసేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

తాళంచెవి
నాకూ ఇదే ప్రాబ్లమ్. స్క్రీన్‌షాట్‌లో అకౌంట్ నంబరు దాచాలి. క్రాప్ చేస్తే వేరే వివరాలు పోతున్నాయి. ఎరేజర్‌తో చెరిపి PNGగా పంపితే సేఫేనా? ఇంతవరకూ ఫోన్‌లో నల్ల మార్కర్‌తో గీసి పంపేవాణ్ణి.

పాతస్టూడియో
చిన్నగీత గారు అడిగింది వేరు, కానీ ఇది కూడా చెప్పుకోవాల్సిందే. ఫోన్ మార్కర్ పూర్తి నలుపు కాకపోవచ్చు. కొన్నింటి గీత కింద అక్షరాల ఛాయ మిగులుతుంది, బ్రైట్‌నెస్ పెంచితే చదవొచ్చు. GIMPలో ఎరేజర్ మీద కూడా ఈ పనికి నమ్మకం పెట్టుకోకండి. పారదర్శకత ఉన్న లేయర్‌లో రుద్దితే ఆ పిక్సెల్ కనిపించకుండా పోతుందే తప్ప దాని రంగు విలువ అడుగున అలాగే ఉండొచ్చు. ఎరేజర్ ఆప్షన్లలో `Anti erase` టిక్ పెట్టి అదే చోట రుద్ది చూడండి, చెరిపింది తిరిగొస్తుంది. PNG ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు `Save color values from transparent pixels` టిక్ ఉందంటే ఆ దాగిన రంగు కూడా ఫైల్‌తో పాటే ప్రయాణం చేస్తుంది. నంబరు దాచాలంటే దాని మీద సెలెక్షన్ పెట్టి నిండు నలుపుతో నింపండి, లేయర్లన్నీ ఒకటిగా కలిపేసి అప్పుడు ఎక్స్‌పోర్ట్ చెయ్యండి.

క్రాప్ చేసింది కూడా ప్రతిసారీ పోయినట్టు కాదు. క్రాప్ టూల్ ఆప్షన్లలో `Delete cropped pixels` టిక్ లేకపోతే చట్రం బయట ఉన్న భాగం ఫైల్‌లోనే దాక్కుని ఉంటుంది. ఆ ఫైల్‌ను GIMP సొంత ఫార్మాట్ అయిన XCFలో ఎవరికైనా ఇస్తే చట్రం పెద్దది చేసి చూసేస్తారు. JPEGగా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ ఇబ్బంది లేదు. 2023లో గూగుల్ పిక్సెల్ ఫోన్ల మార్కప్ ఎడిటర్‌లో ఇంకో రకం లోపం బయటపడింది. క్రాప్ చేసిన స్క్రీన్‌షాట్‌ను పాత ఫైల్ మీదే రాసేటప్పుడు పాతదాని తోక భాగం చెరగకుండా మిగిలిపోయేది, దాన్నుంచి అసలు బొమ్మను కొంతవరకు తిరిగి రాబట్టగలిగారు.

గుండుసూది
సరేనండీ, ఎరేజర్ తెల్ల రంగు కాదని ఒప్పుకుంటున్నాను. ఎరుపు పెట్టి చూశాను, ఎర్రగానే వచ్చింది. మరి చిన్నగీత గారి భుజం సంగతేంటి? మూడింటిలో ఏదీ పనిచేయదు కదా?

పాతస్టూడియో
ఒక్కటే పట్టుకుంటే పనిచేయదు. చిన్నగీత గారూ, ఒక చిన్న సాయం. కర్సర్‌ని మోచేయి చివర పెడితే విండో కింద ఎడమ మూల రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది చెప్పండి. పరాయి భుజం మొదలయ్యే చోటు అంకె కూడా. వెనక ఏముంది, గోడా చెట్లా?

చిన్నగీత
ఫోటో 4000 × 3000. మోచేయి 3640 దగ్గర అయిపోతోంది. ఆ మనిషి చొక్కా 3520 నుంచి మొదలవుతోంది. అంటే మోచేతి పైనా కిందా చొక్కా కనిపిస్తోంది. వెనక లేత రంగు గోడ.

పాతస్టూడియో
గోడ అయితే మీ అదృష్టం. 3640కి అవతల ఉన్నదంతా క్రాప్‌తోనే పోతుంది, దానికి వేరే పని చెయ్యక్కర్లేదు. మిగిలేది 3520 నుంచి 3640 దాకా, 120 పిక్సెళ్ల పట్టీ. అసలు పనంతా ఆ పట్టీలోనే.

కానీ క్రాప్ ఇప్పుడే చెయ్యకండి. ముందు రెక్టాంగిల్ సెలెక్ట్ టూల్‌తో (`R`) ఆ పట్టీకి దగ్గర్లోనే ఖాళీ గోడ చూసి, ఓ 250 పిక్సెళ్ల వెడల్పున సెలెక్ట్ చెయ్యండి. దూరంగా తీసుకుంటే వెలుగు తేడా వచ్చి అతుకు కనిపిస్తుంది. `Ctrl+C` కొట్టండి, కట్ కాదు, కట్ చేస్తే గోడకి కూడా కన్నం పడుతుంది. తర్వాత `Edit > Paste as > New Layer in Place`. `Ctrl+Shift+A` కొట్టి పాత సెలెక్షన్ తీసెయ్యండి, లేకపోతే దాని బయట ఎరేజర్ పనిచేయదు. మూవ్ టూల్ (`M`) పట్టుకుని ఆ గోడ ముక్కను చొక్కా మీదికి జరపండి. ఇప్పుడు చొక్కాతో పాటు మోచేయి కూడా కప్పబడిపోతుంది. కంగారు పడకండి, ఎరేజర్ పని ఇక్కడే మొదలవుతుంది.

పై లేయర్ మీద ఉన్నారని చూసుకుని ఎరేజర్‌తో (`Shift+E`) మోచేయి ఉన్నచోట గోడ ముక్కను రుద్దండి. కింద లేయర్‌లోని మోచేయి బయటికొస్తుంది. సైజు 30 చాలు, హార్డ్‌నెస్ 75 దగ్గర పెట్టండి. చర్మానికి అంచు ఉంటుంది, మరీ మెత్తగా చెరిపితే చేతి చుట్టూ పొగ పట్టినట్టు ఉంటుంది. గోడ ముక్క అంచుల్లో మాత్రం సైజు 100, హార్డ్‌నెస్ సున్నా పెట్టి ఓసారి తేలిగ్గా అలా తిప్పండి, అతుకు గీత కలిసిపోతుంది. రుద్దుతుంటే మళ్లీ తెలుపు వచ్చిందంటే కింద లేయర్ మీద రుద్దుతున్నారన్నమాట. `Ctrl+Z` కొట్టి లేయర్ల ప్యానెల్‌లో పైదాన్ని నొక్కండి. కొత్తవాళ్లు పదిమందిలో తొమ్మిదిమంది తడబడేది ఇక్కడే.

అప్పుడు క్రాప్ (`Shift+C`). 6 × 4 అంగుళాల ప్రింటు కోసం అయితే ఆప్షన్లలో 3:2 నిష్పత్తి ఫిక్స్ చేసి కుడి అంచు 3640 దగ్గర ఆపండి. ఎత్తు సుమారు 2427 వస్తుంది. ఆ ప్రింటుకి 300 డీపీఐలో కావాల్సింది 1800 × 1200 మాత్రమే కాబట్టి నాణ్యత గురించి టెన్షన్ వద్దు.

నీలిరంగు
అంతా బాగుంది కానీ ఎరేజర్ దగ్గర ఒప్పుకోను. కొత్తవాళ్ల చేతికి ఎరేజర్ ఇవ్వనే కూడదు. మోచేయి చుట్టూ పొరపాటున ఎక్కువ చెరిపితే, అది రేపు ఫైల్ తెరిచాక తెలిస్తే అన్‌డూ ఉండదు. అదే పని లేయర్ మాస్క్‌తో చెయ్యొచ్చు. `Layer > Mask > Add Layer Mask` నొక్కి తెల్ల మాస్క్ పెట్టండి, నల్ల బ్రష్‌తో పూస్తే దాగుతుంది, తెల్లదాంతో పూస్తే తిరిగొస్తుంది. ఎన్ని రోజుల తర్వాతైనా సరే. ఇంకో మాట, క్రాప్ చివర్లో ఎందుకు? ముందే చేస్తే ఫైల్ తేలికై కంప్యూటర్ వేగంగా నడుస్తుంది కదా.

పాతస్టూడియో
క్రాప్ చివర్లో ఎందుకంటే, పోబోయే భాగంలోనే ఒక్కోసారి అతుకుకి పనికొచ్చే గోడ ఉంటుంది. ఈ ఫోటోలోనే పైన కత్తిరించబోయే వందల వరుసల్లో శుభ్రమైన గోడ ఉండొచ్చు. ముందే క్రాప్ చేస్తే అతుకు గుడ్డ చేజారినట్టే.

మాస్క్ మంచిదే, నేనూ అదే వాడతాను. కానీ తెలుపు ఎందుకొచ్చిందని అడిగిన మనిషికి మొదటిరోజే మాస్క్ ఇస్తే, నలుపు పూస్తే ఎందుకు మాయమవుతోందని రెండో ప్రశ్న వస్తుంది. ఇక్కడ చెరుపుతున్నది అతికించిన గోడ ముక్కనే కదా, పాడైతే పారేసి ఇంకోటి అతికించుకోవచ్చు. అసలు ఫోటో కింద చెక్కుచెదరకుండా ఉంది.

నీలిరంగు
రెండో ప్రశ్న రావడమే మంచిదంటాను నేను. ఎరేజర్ అలవాటైతే రేపు అసలు ఫోటో లేయర్ మీదే రుద్దుతారు, అప్పుడు పారేసి అతికించుకునేది ఏముంటుంది? క్రాప్ సంగతి మాత్రం మీదే రైటు, గోడ గురించి ఆలోచించలేదు.

వానచినుకు
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. ఎక్స్‌పోర్ట్ చేస్తే సరిపోదు, లేయర్లతో XCFగా కూడా సేవ్ చేసుకోవాలి. JPEGలో లేయర్లూ ఉండవు, పారదర్శకతా ఉండదు. నేనొకసారి గళ్లు కనిపిస్తుండగానే JPEG చేసేశాను, ఆ గళ్లన్నీ తెల్లబడిపోయాయి.

చిన్నగీత
అయ్యిందండీ. మొదటిసారి కింద లేయర్ మీదే రుద్దాను, తెలుపు రాగానే గుర్తొచ్చింది. గోడ ముక్క ఎడమవైపు నుంచి తెస్తే కాస్త నల్లగా తేలింది, పైనుంచి తెచ్చాక కలిసింది. మోచేయి బాగానే వచ్చింది. కానీ ఆ మనిషి నీడ గోడ మీద మావాడి భుజం పక్కన ఇంకా ఉంది. దాన్ని కూడా ఇలాగే కప్పెయ్యనా, లేక నీలిరంగు గారు చెప్పిన మాస్క్‌తో ప్రయత్నించనా?